చెక్కడాల సింహద్వారం వాలకుండా ఉండాలంటే: రెక్కలు, బందులు, గడప, మెట్లు

ప్రశ్న: అన్నా, బెంగళూరు హొరమావులో ఇల్లు కడుతున్నాం. సింహద్వారానికి టేకులో చెక్కడం పని, ఇత్తడి సామాను, ముందు మూడు రాతి మెట్లు అనుకున్నాం. నాలుగు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు, ఒకటే రెక్క. మా వీధిలో ఇలాంటి తలుపే రెండేళ్లకు వాలిపోయి గడపకు రాసుకుంటోంది. మాది అలా కాకూడదంటే బందులు ఎలాంటివి వేయాలి? గడప చెక్కదా, రాయిదా? వచ్చే నెలలో గుమ్మం ఎత్తే ముహూర్తం ఉంది.

జవాబు:

ముహూర్తానికి ఇంకా నెల ఉంది కాబట్టి చెబుతున్నాను తమ్ముడూ, బందుల సంగతి కంటే ముందు ఒకటి మార్చుకోండి. ఒక రెక్క వద్దు, రెండు రెక్కలు పెట్టించండి. కొలతలు అవే ఉండనివ్వండి.

ఎందుకో లెక్క చూడండి. ఎండిన టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. నాలుగడుగులు, ఏడడుగులు, రెండంగుళాల మందం అంటే 0.13 ఘనమీటర్లు, దాదాపు 85 కిలోలు. చెక్కడంలో కొంత చెక్క పోతుంది, ఇత్తడితో అంత బరువూ తిరిగి వస్తుంది. కాబట్టి 85 అనే అనుకుందాం. తలుపు బరువు దాని నడిమధ్యలో ఉన్నట్టు లెక్క. అంటే బందుల నుంచి రెండడుగుల దూరం. పై బందుకూ కింది బందుకూ మధ్య సుమారు 5.6 అడుగులు వస్తుంది. 85ను 2తో హెచ్చవేసి 5.6తో భాగించండి, 30 కిలోలు. పై బందు స్క్రూలను ద్వారబంధం నుంచి బయటికి పెరికే లాగుడు అది. ఇది తలుపు తీసినప్పుడు మాత్రమే కాదు, మూసి ఉన్నా, మీరు నిద్రపోతున్నా, రాత్రింబవళ్లు ఉంటుంది. పిల్లాడు గొళ్ళెం పట్టుకుని వేలాడాడంటే అది ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు అదే తలుపును రెండు రెక్కలు చేయండి. ఒక్కో రెక్క 42 కిలోల చిల్లర, బరువు మధ్య బిందువు ఒక్క అడుగు దూరంలో. లాగుడు ఏడున్నర కిలోలు. బరువు సగమైంది, దూరం సగమైంది, లాగుడు నాలుగో వంతుకు దిగింది. ద్వారబంధం రెండు పక్కల నిలువు కమ్ముల్లో ఒక్కోదాని మీద పడేది అంతే. మన పాత మండువా ఇళ్లలోనూ, కారైకుడి వైపు చెట్టినాడు ఇళ్లలోనూ బరువైన సింహద్వారాలు చాలావరకు జంట రెక్కలుగా ఉండటానికి అందం ఒక్కటే కారణం కాదు.

రోజూ ఒక రెక్కే తీస్తే రెండడుగుల దారి ఇరుకు అంటారా, రెండున్నర, ఒకటిన్నరగా పంచుకోవచ్చు. అప్పుడు పెద్ద రెక్క లాగుడు 12 కిలోల దగ్గర ఆగుతుంది. ఇంట్లో వాకర్‌తో నడిచే పెద్దవాళ్లుంటే అదే మేలు. లేకపోతే సమానంగానే ఉంచండి, చెక్కడం రెండు వైపులా ఒకేలా కుదురుతుంది. రెండు రెక్కలు కలిసే చోట బయటి ముఖాన నిలువు పట్టీ వస్తుంది కదా, దాన్ని ఎప్పుడూ గడియ వేసి ఉంచే రెక్కకే బిగించాలి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి పట్టీ లేని రెక్క ముందు తెరుచుకోవాలి. తిరగేసి బిగిస్తే రోజూ వాడే రెక్క లాగినప్పుడల్లా పక్క రెక్కను ఈడుస్తుంది. చెక్కడం కుర్రాళ్లు ముఖం అందమే చూసి ఇది మరిచిపోతుంటారు, బొమ్మ గీసే రోజే చెప్పండి. ఇంకొకటి, రెండంగుళాల మందం ఉన్న రెండడుగుల రెక్క తిరిగేటప్పుడు దాని బయటి అంచు మూల సుమారు 2 మిల్లీమీటర్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అందుకని రోజూ తీసే రెక్క కలిసే అంచును బయటి ముఖం వైపు అంత మేర ఏటవాలుగా చిత్రిక పట్టించాలి.

ఇక బందులు. పాత తలుపులకు చాలా వాటికి బందులే ఉండేవి కావు. రెక్క బందు వైపు నిలువు చెక్క పైనా కిందా బొడిపెలా పొడుచుకు వచ్చేది. పైది పైకమ్మిలోని రంధ్రంలో తిరిగేది, కిందిది గడపలోని గుంటలో కూర్చునేది. బరువంతా నేరుగా గడప మీదికి, అక్కణ్ణుంచి రాయి మీదికి దిగేది. స్క్రూ పెరికే పని లేదు. ఆ పద్ధతి గొప్పదే, కానీ ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. రోజూ కడిగే గడపకు దాన్ని నేను సిఫారసు చేయను.

ఇత్తడి బందులే వేయండి. రెక్కకు మూడు, ఒక్కోటి ఐదంగుళాలది, రేకు 4 మిల్లీమీటర్ల మందం. కొనేటప్పుడు మధ్య చీల చూడండి. చీల కూడా ఇత్తడే అయితే ఇత్తడి మీద ఇత్తడి రాసుకుని కొన్నేళ్లకు రెండూ అరుగుతాయి, రెక్క అంత మేర దిగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ చీల, కణుపుల మధ్య వాషర్ ఉన్నవి అడగండి. చేతిలో పట్టుకుని రెండు రేకులనూ పక్కలకు ఊపి చూస్తే ఆట తెలిసిపోతుంది. కొత్తదానికే ఆట ఉంటే అక్కడే వదిలేయండి.

పై బందు రెక్క పై అంచు నుంచి ఏడంగుళాలకు, కిందిది కింది అంచు నుంచి పదంగుళాలకు. మూడోది ఎక్కడ అన్న దాని మీద మేస్త్రిలు రెండు మాటలు చెబుతారు. సరిగ్గా మధ్యలో పెడితే చెక్క వంకర పోకుండా పట్టుకుంటుంది. పై బందుకు దగ్గరగా పెడితే లాగుడును పంచుకుంటుంది. ఒకే రెక్క అయితే నేను పైకే జరిపేవాణ్ణి. మీది రెండు రెక్కలు, లాగుడు తక్కువ, కాబట్టి మధ్యలో పెట్టించండి.

బందు రేకుకు తొలిచే గాడి సరిగ్గా రేకు మందమే ఉండాలి. ఎక్కువ లోతు తొలిస్తే రెక్క అంచు కమ్మికి ముందే తగిలి, మూసేటప్పుడు చివరి రెండంగుళాల దగ్గర స్ప్రింగులా వెనక్కి తంతుంది. స్క్రూ తల రేకు పైకి లేచి ఉన్నా ఇదే జరుగుతుంది. అలాంటి తలుపును రోజూ నెట్టి మూస్తుంటే ప్రతిసారీ స్క్రూను మనమే కొంత కొంత పెరుకుతున్నట్టు.

స్క్రూ విషయంలో కొంచెం గట్టిగా ఉండండి. బందుతో పాటు వచ్చే అంగుళం స్క్రూలు ఈ బరువుకు పనికిరావు. 12వ నంబరు, రెండున్నర అంగుళాల ఇత్తడి స్క్రూలు కావాలి. ఇత్తడి మెత్తన, టేకు గట్టిది. నేరుగా బిగిస్తే తల గాడి చెడుతుంది, లేదా మెడ తెగి సగం లోపలే ఉండిపోతుంది. ముందు సన్నటి రంధ్రం వేసి, అదే కొలత ఇనుప స్క్రూ ఒకసారి పూర్తిగా ఎక్కించి తీసేయాలి. మర పడుతుంది. తరవాత ఇత్తడి స్క్రూకు కొవ్వొత్తి మైనం రాసి చేతి స్క్రూడ్రైవర్‌తో ఎక్కించాలి, మెషిన్ వద్దు. అటు ఇత్తడి, ఇటు ఇనుప స్క్రూ కలిపి వదిలేయకూడదు. రెండు లోహాలు తేమలో తగిలితే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, చుట్టూ చెక్క నల్లబడుతుంది. చెన్నైలో సముద్రం దగ్గరి ఇళ్లలో ఇది తొందరగా కనిపిస్తుంది. బెంగళూరులో నెమ్మదిగా జరుగుతుంది, కానీ జరుగుతుంది.

మీ వీధిలోని తలుపు చూడలేదు కానీ, కల్యాణ్ నగర్‌లో ఒక తెలుగు వాళ్ల ఇంట్లో అచ్చం అలాంటిదే బాగు చేశాను. మూడున్నర అడుగుల ఒకే రెక్క. బందు వైపు పైన సందు వెడల్పయింది, అవతలి వైపు కింది మూల గడపకు రాసుకుంటోంది. ఇలా వాలిన తలుపుకు కారణం మూడింటిలో ఒకటి అవుతుంది. సగం తెరిచి, పిడి దగ్గర రెండు చేతులతో పైకి ఎత్తి చూడాలి. బందు దగ్గర కదలిక కనిపిస్తే చీల అరిగింది లేదా స్క్రూ వదులైంది. అక్కడ కదలిక లేకుండా రెక్క అడ్డపట్టీ, నిలువుపట్టీ కలిసే చోట గీత తెరుచుకుంటే రెక్క కూర్పే వదిలింది. రెండూ లేవంటే ద్వారబంధమే ఒరిగింది, తూకం గుండు వేలాడదీసి చూడాలి. వాళ్లది మొదటి రకం. పై బందు స్క్రూలు విప్పితే అంగుళం పొడవున్నాయి, చేత్తో లాగితేనే వచ్చాయి. పాత రంధ్రాలను డ్రిల్లుతో పెద్దవి చేసి, టేకు గూటాలు జిగురుతో దిగగొట్టి, మర్నాడు వాటిలో రెండున్నర అంగుళాల స్క్రూలు ఎక్కించాం. రెక్క మళ్లీ లేచింది. అంతకుముందు ఎవరో తలుపు కింది అంచును చిత్రిక పట్టి వెళ్లారట. వాలిన తలుపుకు అది చేయకూడదు. బందు సరిచేశాక కింద వేలు దూరేంత సందు మిగిలిపోయింది, పట్టీ వేయాల్సి వచ్చింది.

ద్వారబంధం కమ్ములు మామూలు ఐదు బై మూడు కాకుండా ఆరు బై నాలుగంగుళాలు తీసుకోండి. రెండున్నర అంగుళాల స్క్రూ దిగిన తరవాత కూడా వెనక చెక్క మిగలాలి. చేవ మాత్రమే ఉండాలి. అంచున లేత రంగు తెల్లచెక్క ఉంటే చెదలు ముందు దాన్నే పడతాయి. రంగు వేశాక అది కనిపించదు, కాబట్టి పాలిష్ పెట్టకముందే తడిగుడ్డతో తుడిచి చూడండి. తడి తగిలితే చేవకూ తెల్లచెక్కకూ తేడా స్పష్టంగా తేలుతుంది.

మనవాళ్లు గోడ లేవకముందే గుమ్మం ఎత్తుతారు. నవధాన్యాలు, నాణేలు గడప కింద పెట్టి పూజ చేసుకుంటాం, అది జరగాల్సిందే. ఇబ్బంది అంతా ఆ తరవాతి నెలల్లో. మేస్త్రిలు, కూలీలు సిమెంటు తట్టలతో ఆ గడప మీదే తిరుగుతారు. అందుకని పూజ అయిన సాయంత్రమే గడప మీద ప్లైవుడ్ పెట్టె తొడిగించండి. రెండు నిలువు కమ్ముల మధ్య సగం ఎత్తులో అడ్డంగా ఒక చెక్క, పై మూలల్లో ఏటవాలుగా రెండు చెక్కలు కొట్టించండి. లేదంటే ఇటుక పని ఒత్తిడికి కమ్ములు మధ్యలో లోపలికి ఉబ్బుతాయి.

గుమ్మం నిలబెట్టిన రోజు మీరే చేయగల పరీక్ష ఒకటుంది. మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు కర్ణాలు కొలవండి, సమానం రావాలి. తరవాత అవే మూలలకు రెండు దారాలు బిగువుగా కట్టండి. మధ్యలో అవి ఒకదాన్నొకటి సరిగ్గా తాకాలి. మధ్యలో ఎడం వచ్చినా, ఒకటి రెండోదాన్ని నొక్కినా ద్వారబంధంలో మెలిక ఉన్నట్టు. తూకం గుండుతో ఒక్కో కమ్మి నిలువు చూసినంత మాత్రాన ఈ మెలిక తొందరగా పట్టుబడదు. మెలిక ఉన్న గుమ్మంలో జంట రెక్కలు కలిసే చోట ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు నిలుస్తాయి, ఎంత మంచి వడ్రంగైనా దాన్ని సర్దలేడు. గోడకు తగిలే వెనక ముఖాలకు ముందే తారు పూత వేయించండి, పచ్చి సిమెంటు తడి చెక్కలోకి పోకుండా.

గడప చెక్కదే పెట్టండి, కానీ అది రాయి మీద కూర్చోవాలి. ఇల్లంతటిలో ఎక్కువ తడిసే చెక్క గడపే. పసుపు రాస్తాం, వారం వారం కడుగుతాం, వాన జల్లు అక్కడే పడుతుంది. చెడటం ఎప్పుడూ మధ్యలో మొదలవదు. నిలువు కమ్మి గడపను కలిసే మూలలో మొదలవుతుంది. అక్కడ కమ్మి కోత ముఖం కిందికి ఉంటుంది, కోత ముఖం నీటిని గుడ్డ వత్తిలా పైకి పీలుస్తుంది. ఆరు నెలలకోసారి ఆ మూలలో గోటితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా దిగితే లోపల పుచ్చు మొదలైనట్టే. కూర్చే ముందు కమ్మి కింది కోత ముఖానికి, గడపలో తొలిచిన గుంటకు ఎపాక్సీ పూత రెండు చేతులు వేయిస్తే ఈ జబ్బు చాలా మటుకు రాదు. నన్ను ఒకే ఒక్క పని చెప్పమంటే ఇదే చెబుతాను, అరగంట కూడా పట్టదు.

గడప కింద గ్రానైట్ పలక పరిచి, దానికీ గడపకూ మధ్య తేమ ఎక్కని షీటు వేయండి. గడప బయటి అంచు లోపలి అంచు కంటే అరంగుళం ఎత్తు ఉంటే రెక్క దాని వెనక ఆనుకుని మూసుకుంటుంది. ఆ ఎత్తు అంచు పై ముఖాన్ని బయటికి కొంచెం వాలుగా దించాలి. రెక్క కింద బయటి ముఖాన అంగుళంన్నర ముందుకు వచ్చే వాన పట్టీ, దాని అడుగున ఒక సన్నటి గాడి ఉంటే జారిన నీరు ఆ గాడి దగ్గర తెగి గడప వాలు మీద పడి బయటికి పోతుంది. పట్టీ చివరలను కమ్మికి తగలకుండా కురచగా కోయాలి. ఇన్ని చేసినా పైన మూడడుగుల సజ్జ లేకపోతే లాభం తక్కువ, అది ప్లానులో ఉందో లేదో చూసుకోండి.

గడపకు ఇత్తడి రేకు తొడిగిస్తారు కొందరు, కొత్తలో కళ్లు చెదిరేలా ఉంటుంది. నేను వద్దంటాను. మేకుల రంధ్రాల్లోంచి నీరు దిగుతుంది, రేకు కింద ఆరే దారి ఉండదు. రేకు మెరుస్తూనే ఉంటుంది, చెక్క లోపల పుచ్చిపోతుంది. మడమ తగిలే చోటు అరగకుండా కావాలంటే రెక్క కింది భాగానికి రేకు వేసుకోండి, అది నిలువుగా ఉంటుంది కాబట్టి ఆరుతుంది.

చెక్కడం పలకల గురించి ఒక్క మాట. టేకు కూడా తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది. అడుగు వెడల్పు పలక తేమ నాలుగు శాతం మారితే వెడల్పులో 2 మిల్లీమీటర్లు కదులుతుంది. పలకను చుట్టూ గాడిలో వదులుగా కూర్చోబెట్టాలి, జిగురు పెట్టకూడదు, మేకు కొట్టకూడదు. బిగిస్తే లక్ష్మీదేవి బొమ్మ మధ్యలోంచే చీలిక వస్తుంది. ఇత్తడి బొడిపెలు కూడా నిలువు, అడ్డ పట్టీల మీదే ఉండాలి, పలకనూ పట్టీనీ కలిపి కుట్టకూడదు. తలుపు బిగించేది ఏప్రిల్ ఎండల్లో అయితే రెక్కల మధ్య 4 మిల్లీమీటర్ల సందు వదలండి, వానల్లో బిగిస్తే 2 చాలు.

మెట్లు ఆరంగుళాల ఎత్తు, పన్నెండంగుళాల అడుగు పట్టు. మీరున్న చోటికి సాదరహళ్లి బూడిదరంగు గ్రానైట్ దగ్గర, దాన్నే తీసుకోండి. నున్నగా పాలిష్ పట్టించకండి, వానలో జారుతుంది. నిప్పుతో గరుకు చేసినదో, సుత్తి దెబ్బల పనిదో అడగండి. పై మెట్టు వెడల్పాటి అరుగులా నాలుగడుగులు ఉండాలి, గడప అడుగు కంటే అంగుళంన్నర కిందికి, బయటికి వాలు మీటరుకు ఒకటిన్నర సెంటీమీటర్లు. మెట్టు రాయి ద్వారబంధాన్ని తాకకూడదు. 3 మిల్లీమీటర్ల సందు వదిలి సీలెంట్ నింపించండి. మెట్లకు పునాది వేరే వేయించండి. పూడ్చిన మట్టి మీద ఊరికే పేరిస్తే మెట్లు మాత్రమే కుంగుతాయి, గడప ముందు చీలిక తెరుచుకుంటుంది, వాన నీళ్లు నేరుగా గడప కిందికి పోతాయి.

కడప రాయి చౌకగా వస్తుందని ఎవరైనా అంటే ఒకటి గుర్తుంచుకోండి, అది సున్నపురాయి జాతిది. ఇత్తడి గొళ్ళేన్ని చింతపండుతో తోమి నీళ్లు పోస్తే ఆ పులుపు కారిన ప్రతి చోటా రాయి మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది, అది రుద్దితే పోదు. గ్రానైట్‌కు ఆ బాధ లేదు. అయినా తలుపు మీది ఇత్తడిని చింతపండుతో తోమకండి, ఆ రసం స్క్రూల చుట్టూ చెక్కలోకి దిగి చిలుము పట్టిస్తుంది. గుడ్డకు పాలిష్ రాసుకుని, చెక్క మీద కాగితం అడ్డం పెట్టి తుడవండి. లక్కరు పూసిన సామానైతే పాలిష్ అసలే వద్దు, పూత లేచి మచ్చలు మచ్చలుగా నల్లబడుతుంది. దానికి పొడి గుడ్డ చాలు.